కోరిక చచ్చిపోతే: ముందు గ్యాస్ బిళ్ల వెనక పేరు, తర్వాత థైరాయిడ్

సమస్య

పలాస దగ్గర జీడి ఫ్యాక్టరీలో పనిచేసే 41 ఏళ్ల మనిషి శ్రీకాకుళంలో నా గదికి వచ్చి, తలుపు వేసేదాకా నోరు విప్పలేదు. "ఏటి సెప్పమంటారు బాబూ, ఆర్నెల్లయింది. మనసే పుట్టట్నేదు," అన్నాడు. ఎవరో చెబితే సిల్డెనాఫిల్ నాలుగుసార్లు వేసుకున్నాడట. తలనొప్పి వచ్చింది గానీ గట్టిదనం రాలేదు.

ఆ బిళ్ల రక్తప్రసరణకు సాయం చేస్తుందే తప్ప కోరికను పుట్టించదు. కోరిక ఉండి అంగం గట్టిపడకపోతే మేం ముందు షుగర్, బీపీ, సిగరెట్ గురించి అడుగుతాం. కోరికే ఆరిపోయి, తెల్లవారుజామున దానంతటది వచ్చే గట్టిదనం కూడా తగ్గిపోతే హార్మోన్ల మీద అనుమానం పెట్టుకోవాలి.

కారణం వెతకడం

ఉదయం 8-10 గంటల మధ్య థైరాయిడ్ తీరు చెప్పే టీఎస్‌హెచ్, తల్లుల్లో పాలు పుట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ మూడూ చేయించాను. మెట్లెక్కిన ఆయాసం, సూది భయం కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. అందుకే రక్తం తీసేముందు ఇరవై నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టాలి. కొంచెం మాత్రమే ఎక్కువ వస్తే మళ్లీ చేయించందే నమ్మకూడదు.

అతని ప్రొలాక్టిన్ 92. మగవాళ్లకు చాలా ల్యాబుల్లో పైహద్దు 15-20 ఉంటుంది. నాలుగైదు దాటకూడని టీఎస్‌హెచ్ 58కి చేరింది, అంటే థైరాయిడ్ బాగా మందగించింది. కనీసం 300 ఉండాల్సిన టెస్టోస్టిరాన్ 190 దగ్గర ఆగింది. తలలోని పిట్యూటరీ గ్రంథి వృషణాలకు పంపే ఆదేశాన్ని ప్రొలాక్టిన్ అణచేస్తుంది. దాంతో టెస్టోస్టిరాన్, దాని వెనకే కోరిక పడిపోతాయి.

"ఏమైనా మందులు వాడుతున్నావా?" అంటే లేదన్నాడు. చొక్కా జేబులోంచి మాత్రం సగం వాడిన బిళ్లల పట్టీ తొంగిచూస్తోంది. "అది మందు కాదు బాబూ, గ్యాస్ బిళ్ల." రేకు వెనక చీమల్లాంటి అక్షరాల్లో రాబెప్రజోల్, దాని పక్కన లెవోసల్పిరైడ్. ఐదు నెలలుగా రోజూ వేసుకుంటున్నాడు. మెదడులో డోపమిన్ అనే రసాయనం ప్రొలాక్టిన్‌ను అదుపులో పెడుతుంది. లెవోసల్పిరైడ్, డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్ ఆ డోపమిన్‌కే అడ్డుపడతాయి. మన జిల్లాలో గ్యాస్ బిళ్ల లేని ఇల్లు అరుదు కాబట్టి ఈ ప్రశ్న ఎవరినీ అడక్కుండా వదలను.

ఇంతకీ గ్యాస్ ఎందుకొచ్చింది? థైరాయిడ్ మందగిస్తే పేగూ మందగిస్తుంది. మలబద్ధకం, కడుపుబ్బరం వస్తాయి. అతను ఆ ఉబ్బరానికే బిళ్ల మొదలుపెట్టాడు.

పరిష్కారం

ముందు గ్యాస్ బిళ్ల ఆపించాను. ఐదో రోజు ప్రొలాక్టిన్ 38కి దిగింది. (మానసిక వ్యాధికి వాడే రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ కూడా ప్రొలాక్టిన్ పెంచుతాయి. వాటిని మాత్రం రాసిన డాక్టరును అడక్కుండా ఆపొద్దు.)

మిగిలినది థైరాయిడ్ పని. థైరాయిడ్ తగ్గినప్పుడు మెదడు దాన్ని గట్టిగా తోలుతుంది. ఆ తోలుడు సంకేతమే ప్రొలాక్టిన్‌నూ పెంచుతుంది. కాబట్టి థైరాయిడ్ సరిచేస్తే ఇదీ దిగుతుంది, ప్రొలాక్టిన్ తగ్గించే కాబర్గోలిన్ బిళ్ల అక్కర్లేదు. ఈ దశలో ఎంఆర్‌ఐకి పరిగెత్తకూడదు: థైరాయిడ్ చాలాకాలం తక్కువగా ఉన్నవాళ్లలో పిట్యూటరీ ఉబ్బి గడ్డలా కనిపిస్తుంది, మందు వాడాక కుంచించుకుపోతుంది. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ అంతకంటే పెద్ద తప్పు. దాని వల్ల వీర్యకణాలు పడిపోతాయి. పిల్లలు కావాలనుకునేవాళ్లకు అది దెబ్బ.

థైరాయిడ్ బాగుండి, మందులేవీ లేకుండానే ప్రొలాక్టిన్ ఎక్కువుంటే కిడ్నీ తీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. కిడ్నీ జబ్బు ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఉద్దానం నుంచి వచ్చేవాళ్లకైతే నేను మొదటి రోజే చూస్తాను. ప్రొలాక్టిన్ 200 దాటినా, తలనొప్పితో పాటు పక్కచూపు తగ్గినా, చనుమొనల నుంచి పాలు కారినా ఎంఆర్‌ఐ ఆలస్యం చేయకూడదు. పిట్యూటరీలో ప్రొలాక్టిన్ తయారుచేసే గడ్డ ఉంటే, అది చాలామందిలో కాబర్గోలిన్ బిళ్లలతోనే తగ్గుతుంది.

థైరాయిడ్ ఎక్కువైనా అంగస్తంభన బలహీనపడుతుంది, వీర్యం త్వరగా పడిపోతుంది. గుండెదడ, చేతివణుకు, బరువు తగ్గడం దాని గుర్తులు. చికిత్స వేరు.

మన మనిషి బరువు 64 కిలోలు, గుండెజబ్బు లేదు. కిలోకు 1.6 మైక్రోగ్రాముల లెక్కన థైరాయిడ్ లోటు తీర్చే లెవోథైరాక్సిన్ 100 మైక్రోగ్రాములు రాశాను. ఆరు వారాలకు టీఎస్‌హెచ్ 22 వద్దే ఆగింది. మోతాదు పెంచబోయి, ఎలా వేసుకుంటున్నావని అడిగాను. తెల్లారి డ్యూటీకి వెళ్లే తొందరలో టీతో మింగేస్తున్నాడు. టీతో ఆ బిళ్ల సరిగ్గా ఒంటికి పట్టదు. మోతాదు మార్చలేదు. రాత్రే బిళ్ల, మంచినీళ్ల గ్లాసు మంచం పక్కన పెట్టుకుని, లేవగానే మింగి, గంట తర్వాతే టీ తాగమన్నాను. మరో రెండు నెలలకు టీఎస్‌హెచ్ 3, ప్రొలాక్టిన్ 11, టెస్టోస్టిరాన్ 420. ముందు తెల్లవారుజామున గట్టిదనం తిరిగొచ్చిందట, కోరిక ఇంకో మూడు వారాలకు.