కోతలు మొదలయ్యేలోపు కాటా పుస్తకం రాసేవాళ్లు చదవండి: అంకెల గడిలో డిటో పెట్టొద్దు

పోయిన సీజన్లో కోవూరు వైపు ఒక ధాన్యం కొనుగోలు చోట జరిగింది ఇది. పెద్దాయన ఒకరు బ్యాంకు పాసుపుస్తకం పట్టుకుని వచ్చి గుమాస్తా ముందు పెట్టి, "అబ్బయ్యా, నాది అరవై ఎనిమిది గోతాలు. మా అన్నదీ అరవై ఎనిమిదే. ఆయనకు లక్షా ఇరవై వేలు పడితే నాకు పంతొమ్మిది వేల నాలుగొందలు పడిందేంది?" అని అడిగాడు. ఎవరూ దొంగతనం చేయలేదు, కాటాలో మోసం లేదు. పుస్తకంలో అన్న పేరు కింద తమ్ముడి పేరు రాసి, ఊరికి డిటో, అంటే పైదే అని రెండు చిన్న గీతలు, రకానికి డిటో, అదే ఊపులో గోతాల గడిలోనూ డిటో కొట్టారు. ఆ రెండు గీతలు నిలువుగా పడ్డాయి. కంప్యూటరులోకి ఎక్కించింది నేనే. నాకు అది 11 లాగా కనిపించింది, 11 అని కొట్టాను.

ఈసారి కోతలు మొదలైతే రాత్రి పదింటికి టార్చిలైటు కింద పుస్తకం రాసే పరిస్థితి ఎలాగూ వస్తుంది, అందుకే ముందే చెబుతున్నాను. అంకెలు గుండ్రంగా రాయండి, పెన్సిల్ వాడొద్దు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఒక్క అలవాటు నుంచే వచ్చాయి: అంకెల గడిలో డిటో పెట్టడం.

డిటో పేరు దగ్గర, ఊరు దగ్గర, రకం దగ్గర పెద్దగా హాని చేయదు. అక్కడ తప్పు చదివినా మనిషికి అనుమానం వస్తుంది, ఎందుకంటే ఊరి పేరు 11 అని ఎవరికీ ఉండదు. అంకెల గడిలో మాత్రం 11 అనేది మామూలు అంకె. పదకొండు గోతాలు తెచ్చే రైతు ఉంటాడు, పదకొండు వందలు అడ్వాన్సు తీసుకునేవాడూ ఉంటాడు. అందుకే చదివేవాడికి ఎక్కడా ఆగాలనిపించదు. రాసేవాడి చెయ్యి ఊరు, రకం, గోతాలు అని వరుసగా పోతూ ఉంటుంది కాబట్టి మొదటి రెండు గడుల్లో డిటో పెట్టిన చెయ్యి మూడో గడిలోనూ అదే పెడుతుంది. రకం దాటగానే చెయ్యి ఆగాలి. అంకెల గడిలో 68 అని పూర్తిగా రాయాలి, పైన 68 ఉన్నా సరే, దాని పైనా 68 ఉన్నా సరే.

ఆ పేజీ లెక్క చూడండి. నలుగురు రైతులు: 34, 68, 68, 40 గోతాలు. మొత్తం 210. గోతానికి 75 కిలోల నికరం పట్టుకుంటే 15,750 కిలోలు. కంప్యూటరులో మూడోది 11 అయింది కాబట్టి మొత్తం 153 గోతాలు, 11,475 కిలోలు అని వచ్చింది. తేడా 4,275 కిలోలు. మన పుట్టి 850 కిలోలు కాబట్టి అది అయిదు పుట్ల పైచిలుకు, పుట్టి 20,000 లెక్కన లక్షా అయిదు వందల ఎనభై ఎనిమిది రూపాయలు. తమ్ముడికి పడాల్సిన 1,20,000లో పడింది 19,412. అది చాలదన్నట్టు ముఠా వాళ్ల కూలి గోతాల లెక్కన కడతారు కాబట్టి ఆ రోజు మోసిన 57 గోతాల కూలి వాళ్లకూ రాలేదు. పాసుపుస్తకం ఉన్న రైతు వచ్చి అడిగాడు. ముఠా వాళ్లు అడగలేదు, తేడా బయటపడ్డాక మేమే లెక్కగట్టి ఇచ్చాం.

లారీ వేబ్రిడ్జి చీటీ ఆ రోజు పుస్తకంలోనే పిన్ను కొట్టి ఉంది. దాన్ని పేజీ మొత్తంతో పోల్చి ఉంటే అదే రాత్రి తేలిపోయేది. అంతకంటే ముందు, ఆ పేజీ కింద చేత్తో "మొత్తం గోతాలు 210" అని రాసి ఉన్నా నాకు దొరికేది, ఎందుకంటే రాసినవాడికి ఆ డిటో అంటే 68 అని తెలుసు, కూడేటప్పుడు 68 అనే కూడతాడు. పేజీ కింద చేత్తో వేసిన మొత్తం అందుకే కావాలి. కంప్యూటరు వేసే మొత్తం దానికి బదులు కాదు.

ఇప్పటికే తేడా వచ్చి వెతుకుతున్నవాళ్లకు ఒక గుర్తు చెబుతాను. తేడా గోతాల్లోకి మార్చండి: 4,275ని 75తో భాగిస్తే 57. దానికి 11 కలపండి: 68. పేజీలో 68 ఎక్కడుందో చూసి దాని కింద గడి చూడండి. తేడాకు 11 కలిపితే వచ్చే అంకె పేజీలో ఉంటే, పొరపాటు దాదాపు ఎప్పుడూ దాని కిందే ఉంటుంది. ఒకే పేజీలో రెండు డిటోలు ఇలా పడితే మాత్రం ఈ లెక్క పనిచేయదు, అప్పుడు గడి గడీ చూడాల్సిందే.

ఇక డిటోను సరిగ్గా డిటోగానే చదివి, అలాగే కంప్యూటరులో కొట్టేవాళ్ల సంగతి. అది ఇంకో రకం గుంట. రేటు కాలమ్‌లో పైన 20,000 ఉండి కింద మూడు గడుల్లో " అని కొడితే ఎక్సెల్‌కు అది అక్షరమే, అంకె కాదు. దాన్ని ఏ ఫార్ములా ఎలా తీసుకుంటుందో చూడండి. D అంటే పుట్లు, E అంటే రేటు అనుకుందాం:

```
=SUM(D2:D31)
=SUMPRODUCT(D2:D31,E2:E31)
=D3*E3
```

డిటో పుట్ల గడిలో ఉంటే మొదటి రెండూ, రేటు గడిలో ఉంటే రెండోది, ఆ గడిని సున్నా కింద తీసుకుని ఏమీ చెప్పకుండా మొత్తం వేసేస్తాయి. మూడోది #VALUE! అని చూపిస్తుంది. చూపించడం మంచిదే. కానీ చాలామంది అది చూసి టెన్షన్ పడి దాని చుట్టూ IFERROR పెట్టి సున్నా చేసేస్తారు, అంటే అరిచి చెప్పే ఒక్కదాని నోరూ మూసేస్తారు. అలా చేయొద్దు. ఎక్కించాక ఈ ఒక్క లెక్క వేయండి:

```
=ROWS(E2:E31)-COUNT(E2:E31)
```

అంకె లేని గడులు ఎన్నో ఇది చెబుతుంది. గోతాలు, పుట్లు, రేటు కాలమ్‌లలో ఇది సున్నా రావాలి. 3 వస్తే మూడు గడులు పుస్తకంలో చూసి సరిచేసేదాకా మొత్తం నమ్మొద్దు. ఒక్కటి గుర్తుంచుకోండి, 11 అని తప్పు కొట్టింది ఇందులో దొరకదు, దానికి పేజీ కింద మొత్తమే దిక్కు.

డిటోలు తీయకుండా పేర్ల వారీగా సార్ట్ చేయడం ఇంకా ప్రమాదం. తడి ధాన్యం రైతుకు 19,500 రాసి, కింద ఇంకో తడి ధాన్యానికి డిటో పెట్టారనుకోండి. సార్ట్ చేయగానే ఆ డిటో పోయి 20,000 కింద కూర్చుంటుంది. మూడు పుట్లకు 1,500 తేడా. ఇంత చిన్న తేడా ఎవరి కంటికీ తగలదు, కంప్యూటరులో చూసి అది కనిపెట్టడానికి తర్వాత దారి కూడా ఉండదు, ఎందుకంటే ఏ గడి కింద ఏది ఉండేదో పోయింది.

గీత సంగతి. మన పుస్తకాల్లో అడ్డగీతకు కనీసం నాలుగు అర్థాలున్నాయి: సున్నా, వర్తించదు, ఇంకా తెలియదు, పైదే. నాలుగోది ఎలా వచ్చిందంటే, పాత గుమాస్తాలు డిటోను రెండు గీతల మధ్య -do- అని రాసేవాళ్లు, తొందరలో మధ్యది పోయి గీత మిగిలిందని నేను అనుకుంటున్నాను. ఇప్పుడు అడ్వాన్సు కాలమ్‌లో గీత చూసి "అడ్వాన్సు లేదు" అని ఒకరు, "పైవాడికి ఇచ్చినంతే" అని ఇంకొకరు చదువుతారు. ఇద్దరి మధ్యలో రైతు. సున్నా అయితే 0 వేయండి, ఒక్క సున్నా వేయడానికి గీత కంటే ఎక్కువ సమయం పట్టదు.

ఖాళీ గడి అన్నింటికంటే మోసకారి, ఎందుకంటే అది రాయలేదో, లేదో, మరిచిపోయారో గడే చెప్పదు. తేమ కాలమ్ తీసుకోండి. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు కదా. అయిదుగురిలో ముగ్గురికి 16, 17, 18 వచ్చి ఇద్దరికి మీటరు పెట్టలేదు. ఖాళీగా వదిలితే AVERAGE వాటిని వదిలేసి 17 చూపిస్తుంది, అది ఆ ముగ్గురి సగటు. నీటుగా ఉంటుందని ఎవరో వాటిలో 0 నింపితే సగటు 10.2 అవుతుంది, లోడు ఎండిపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి చూడని తేమకు సున్నా వేయొద్దు. "చూడలేదు" అని రాయండి. తర్వాత తెలిసేదైతే "రావాలి" అని రాసి, రోజు చివర "రావాలి" ఎక్కడున్నాయో వెతికి నింపండి.

మిగతావి, కాటా దగ్గర అతికించుకోండి.

అంకెల గడిలో డిటో పెట్టొద్దు.

కొత్త పేజీ మొదటి లైనులో ఏ గడిలోనూ డిటో వద్దు, ఊరి పేరుకు కూడా. పేజీ ఫోటో ఒక్కటే పంపితే పైనున్నది ఎవరికి తెలుస్తుంది.

ఖాళీ గడి కింద డిటో వద్దు. అది ఖాళీనా, ఖాళీకి పైనున్నదా?

కొట్టేసిన లైను కింద కూడా వద్దు. పై లైను కొట్టేస్తే కింద డిటోలన్నీ అనాథలవుతాయి, వెంటనే అంకెలు వేసి సంతకం పెట్టండి.

రెండు లైన్ల మధ్య కొత్త రైతును ఇరికించొద్దు. కింద రాసి బాణం గీయండి.

అంకె ముందు గీత వద్దు. 500 ముందు గీత పెడితే ఎక్కించేవాడు తగ్గించేస్తాడు. తగ్గించాల్సిందైతే "తగ్గింపు" అని రాయండి.

పొడవుగా కిందికి ఒకటే గీత లాగి పదిమందికీ అదే రేటు అనొద్దు. పదిసార్లు రాయండి.

ఎక్కించేవాళ్లు: డిటో ఎక్కడ చూసినా పై అంకె ఊహించి కొట్టొద్దు, గడికి రంగు వేసి రాసినవాడికి ఫోన్ చేయండి. ఖాళీలు నింపకుండా సార్ట్ చేయొద్దు. స్క్రీన్ మీద - కనిపిస్తే గడి మీద నొక్కి పైన పట్టీలో చూడండి. అకౌంటింగ్ ఫార్మాట్‌లో 0 కూడా గీతలాగే కనిపిస్తుంది.

ప్రతి పేజీ కింద మొత్తం గోతాలు చేత్తో. వేబ్రిడ్జి చీటీతో అదే రాత్రి. డబ్బు వేయడానికి ముందు, తర్వాత కాదు.

రైతు చీటీ మీద కూడా గోతాలు అక్షరాల్లో రాయండి: అరవై ఎనిమిది.