“అర్థం కాలేదు సార్”: తికమక ఏ వరుసలో మొదలైందో పట్టుకోవడం ఎలా?

లక్షణం

ఎనిమిదో తరగతి అమ్మాయి. ఏకచరరాశి సమీకరణాల పాఠం. నోటుపుస్తకం నా ముందు పెట్టి “నాకు సమీకరణాలే అర్థం కావు సార్” అంది. అంతకుముందు రెండు రోజులుగా ఆమె చేత ఈ తరహా లెక్కలే చేయించాను. అన్నిటికీ జవాబు తప్పే. తప్పు ఎప్పుడూ ప్లస్, మైనస్ దగ్గరే కనిపించేది. అందుకని గుర్తుల సూత్రాలు మళ్లీ మొదటి నుంచి చెప్పాను. “అర్థమైందా?” అంటే “అర్థమైంది సార్” అంది. మర్నాడు మళ్లీ అదే తప్పు. ఆ రెండు రోజులూ వృథా అయ్యాయి. ఆమెకు గుర్తులతో ఇబ్బందే లేదని నాకు తర్వాత తెలిసింది.

లెక్క ఇది:

```
x     x − 3
─  −  ─────  =  3
2       5
```

ముందు చేయకూడనిది

లెక్కను మొదటి నుంచి మళ్లీ వివరించకూడదు. మనం చేస్తూ పోతుంటే ప్రతి వరుసా పిల్లలకు సబబుగానే కనిపిస్తుంది, తల ఊపుతారు. “ఎక్కడ అర్థం కాలేదు?” అని అడిగినా లాభం లేదు. ఎక్కడో చెప్పగలిగితే సగం అర్థమైనట్టే కదా! చాలామంది చివరి వరుస చూపిస్తారు, ఎందుకంటే జవాబు తప్పని తెలిసేది అక్కడే.

వెతికే పద్ధతి

సరైన సాధనను వరుసకొకటిగా రాసి, కాగితంతో మూసి పెట్టాను:

```
(1)  x/2 − (x − 3)/5 = 3
(2)  5x − 2(x − 3) = 30
(3)  5x − 2x + 6 = 30
(4)  3x + 6 = 30
(5)  3x = 24
(6)  x = 8
```

ముందు నాలుగో వరుస ఒక్కటే చూపించి “ఇక్కడి నుంచి నువ్వు చెయ్యి” అన్నాను. తడుముకోకుండా 8 తెచ్చింది. అంటే పక్షాంతరం వచ్చు, భాగించడం వచ్చు. సమీకరణాలే అర్థం కావన్న మాట అక్కడితో కొట్టుకుపోయింది.

తర్వాత రెండో వరుస చూపించాను. తప్పు ఇక్కడే బయటపడుతుందని నా నమ్మకం: మైనస్ 2ను బ్రాకెట్ లోపలికి పంపేటప్పుడు +6కు బదులు −6 రాస్తుందని. కానీ ఆమె శుభ్రంగా 5x − 2x + 6 అని రాసింది. గుర్తు కూడా సరిగ్గా మార్చింది. నేను రెండు రోజులు నేర్పినది ఆమెకు ముందే వచ్చు!

ఇక మిగిలింది ఒకటో వరుస నుంచి రెండో వరుసకు వెళ్లే మెట్టు. ఆ లెక్కను బ్రాకెట్ లేకుండా, పుస్తకంలో ఉన్నట్టు పైన x − 3, కింద 5 పెట్టి ఇచ్చాను. అప్పుడు ఆమె రాసినది:

```
5x − 2x − 3 = 30
3x = 33
x = 11
```

కారణం

క.సా.గు. 10 అని ఆమెకు తెలుసు. 5 పోయి 2 మిగులుతుందనీ తెలుసు. ఆ 2ను లవంలో మొదట కనిపించిన xకు మాత్రం గుణించి, 3ను అలాగే దించేసింది. భిన్నం గీత ఒక బ్రాకెట్ పని కూడా చేస్తోందన్నది ఆమెకు ఎవరూ చెప్పలేదు. గీత ఉన్నంతసేపూ x − 3 ఒక ముద్దగా ఉంటుంది. హారం పోగానే గీత పోతుంది, దానితో పాటు కనిపించని బ్రాకెట్ కూడా పోతుంది. పుస్తకంలో రెండో వరుసలో బ్రాకెట్ ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో పుస్తకం చెప్పదు. నేనూ చెప్పలేదు.

ఈ లెక్కలో జవాబే చాలా మటుకు జాడ చెబుతుంది. 11 వస్తే గీతను బ్రాకెట్‌గా చూడలేదు. 12 వస్తే బ్రాకెట్ పెట్టారు కానీ లోపలి గుర్తు మార్చలేదు, అంటే 5x − 2x − 6. −1 వస్తే కుడివైపు 3ను పదితో గుణించడం మరిచారు. మూడు తప్పులకూ మూడు వేర్వేరు మందులు. అందుకే, జవాబు తప్పు అని గీత కొట్టే ముందు ఆ అంకె ఎలా వచ్చిందో ఒక్కసారి వెనక్కి కట్టి చూడాలి.

అయితే ఒక్క లెక్కతో తీర్పు చెప్పకూడదు. అదే తరహావి ఇంకో రెండు ఇవ్వండి. మూడింటిలోనూ ఒకే చోట ఒకే రకం తప్పు వస్తే, పిల్లల మనసులో ఒక తప్పుడు సూత్రం స్థిరపడి ఉందని అర్థం. తప్పు ఒక్కోసారి ఒక్కో చోట వస్తే అది అలసటో పరధ్యానమో. అప్పుడు పాఠం చెప్పకండి, కాసేపు ఆపండి. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే అమెరికన్ పరిశోధకులు పిల్లల తీసివేతల తప్పులను ఇలాగే చూశారు. 52లోంచి 28 తీసేసి 36 అని రాసే పిల్లవాడు తోచినట్టు రాయడం లేదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తున్నాడు. ఇలాంటి తప్పుడు సూత్రాలకు వాళ్లు ‘బగ్’ అని పేరు పెట్టారు.

పరిష్కారం

“బ్రాకెట్ పెట్టడం మరిచిపోకు” అంటే సరిపోదు. తన పద్ధతికి ఏమి లోటో ఆమెకు కనిపించాలి. అందుకు x తీసేసి అంకెలు పెట్టాను:

```
6     8 − 3
─  −  ─────
2       5
```

దీని విలువ ఎంత అంటే 3 − 1, అంటే 2 అంది. ఇక్కడ జాగ్రత్త. అంకెలతో ఇంతవరకే చేయించి సరిగ్గా వచ్చిందని వదిలేస్తే తప్పు దాక్కుంటుంది, ఎందుకంటే 8 − 3ను 5 చేసేసి ముందుకు వెళ్లిపోవచ్చు. x − 3ను అలా కుదించలేం. అందుకే ఇంకో మెట్టు ఎక్కించాలి. “విలువ 2 అయితే, పదితో గుణిస్తే?” “20 సార్.” “ఇప్పుడు 8 − 3ను కలపకుండా, నిన్న x లెక్కలో చేసినట్టే పదితో గుణించు.” ఆమె 30 − 16 − 3 అని రాసి, 11 తెచ్చి, పెన్ను ఆపేసింది. కాసేపటి తర్వాత “20 రావాలి కదా సార్” అని తనే అంది. ఆ 8 చుట్టూ 3 చుట్టూ కలిపి బ్రాకెట్ గీసినది కూడా తనే. అప్పుడు 30 − 2(8 − 3), అంటే 30 − 10. 20 వచ్చింది.

ఆ తర్వాత ఒక అలవాటు చేయించాను. లవంలో ఒకటి కంటే ఎక్కువ పదాలుంటే, క.సా.గు. జోలికి వెళ్లకముందే పెన్సిలుతో దాని చుట్టూ బ్రాకెట్ గీయాలి. ఒక వారం పాటు గీస్తే చాలు, ఆ తర్వాత చెయ్యి అదే గీస్తుంది.

నయమైందో లేదో చూసే పరీక్ష

అదే రోజు అదే లెక్క ఇస్తే ప్రయోజనం లేదు, జవాబు గుర్తుంటుంది. రెండు రోజులు ఆగి, ఏమీ గుర్తు చేయకుండా, వేరే లెక్కల మధ్యలో దీన్ని కలిపి ఇచ్చాను:

```
x     x − 1
─  −  ─────  =  2
2       3
```

10 వస్తే సరే. 13 వస్తే పాత తప్పు ఇంకా ఉన్నట్టు, 14 వస్తే గుర్తుల దగ్గర కొత్తది పుట్టినట్టు, 0 వస్తే కుడివైపును మరిచినట్టు. ఆమెకు మొదటిసారి 13 వచ్చింది. నేను ఏమీ అనలేదు. లవం వైపు చూసి, పెన్సిలు తీసుకుని, బ్రాకెట్ గీసి, మళ్లీ చేసింది.