మన గణాంకాలు మనమే – 7వ పాఠం: మూడు గ్రూపులు, ఒకటి నుంచి ఐదు దాకా రేటింగులు

గత పాఠంలో మూడు గ్రూపుల సగటులను అనోవాతో పోల్చాం. అక్కడ మన దగ్గర ఉన్నది కిలోల్లో కొలిచిన దిగుబడి. 40 కిలోలకీ 50 కిలోలకీ మధ్య తేడా ఎంతో, 50కీ 60కీ మధ్య తేడా కూడా అంతే. ఈ పాఠంలో తీసుకునేవి అలాంటి అంకెలు కావు.

ఒక ఆస్పత్రి ఓపీలో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు షిఫ్టులు నడుస్తున్నాయనుకుందాం. చూపించుకుని బయటికి వచ్చేవాళ్ళ చేతికి ఒక చీటీ ఇచ్చి, సేవ ఎలా ఉందో 1 (అస్సలు బాగాలేదు) నుంచి 5 (చాలా బాగుంది) దాకా గుర్తు పెట్టమన్నారు. ఒక్కో షిఫ్టుకు ఎనిమిది మంది చొప్పున మొత్తం 24 చీటీలు. ఇవి సాధన కోసం నేను తయారుచేసిన అంకెలు:

```
ఉదయం     : 5 4 4 5 3 4 5 4
మధ్యాహ్నం  : 3 2 3 4 2 1 3 2
సాయంత్రం  : 4 3 3 5 2 4 3 4
```

'పర్వాలేదు' అన్న మనిషి 'బాగుంది' దాకా రావడానికి ఎంత సంతృప్తి కావాలో, 'బాగుంది' నుంచి 'చాలా బాగుంది'కి వెళ్ళడానికీ అంతే కావాలా? చీటీ ఆ సంగతి చెప్పదు. 5 అనేది 4 కన్నా పైన ఉందని మాత్రమే చెబుతుంది. ఆ ఐదులన్నీ 10గా మార్చి రాసినా రోగుల అభిప్రాయాల వరస మారదు. కానీ సగటులు మారిపోతాయి. ఉదయం సగటు 4.25 నుంచి 6.125కి ఎక్కుతుంది, ఒక్క ఐదూ లేని మధ్యాహ్నం 2.5 దగ్గరే ఉండిపోతుంది. సగటులతో పాటు అనోవా ఇచ్చే ఎఫ్ విలువా మారుతుంది. అంకెలకు మనం పెట్టుకున్న పేర్లను బట్టి జవాబు మారడం నాకు సమ్మతం కాదు. వరసను మాత్రమే వాడుకునే పద్ధతి ఒకటి కావాలి. విలియం క్రస్కల్, అలెన్ వాలిస్ 1952లో ప్రచురించిన పరీక్ష అదే పని చేస్తుంది.

ముందు అందరికీ కలిపి ర్యాంకులు

మూడు షిఫ్టుల చీటీలనూ ఒకే కుప్పగా పోసి, చిన్న రేటింగు నుంచి పెద్దదాకా పేర్చాలి. ఎంట్రన్సు పరీక్షల అలవాటుకొద్దీ ఒకటో ర్యాంకు అనగానే మనకు అందరికన్నా పైవాడు గుర్తొస్తాడు. ఇక్కడ అందరికన్నా తక్కువ రేటింగుకు 1, ఎక్కువ రేటింగుకు పెద్ద ర్యాంకు. ఏ షిఫ్టుకా షిఫ్టు విడివిడిగా ర్యాంకులు వేస్తే మాత్రం పరీక్ష అర్థమే పోతుంది, ఎందుకంటే అప్పుడు మూడు షిఫ్టుల ర్యాంకుల మొత్తమూ ఒక్కటే అవుతుంది.

రేటింగుల్లో తప్పకుండా ఎదురయ్యేది టై. 24 మందికి ఉన్నవి ఐదే అంకెలు కాబట్టి చాలామంది ఒకే మెట్టు మీద నిలబడతారు. అలాంటి వాళ్ళు ఆక్రమించిన స్థానాల సగటును అందరికీ సమానంగా ఇస్తాం. 1 ఇచ్చింది ఒక్కరే, కాబట్టి ర్యాంకు 1. 2 ఇచ్చినవాళ్ళు నలుగురు, వాళ్ళ స్థానాలు 2 నుంచి 5 వరకు, కాబట్టి ఒక్కొక్కరికి 3.5. మూడు ఇచ్చిన ఏడుగురు 6 నుంచి 12 దాకా ఉన్నారు, వాళ్ళ ర్యాంకు 9. నాలుగు ఇచ్చిన ఎనిమిది మందికి 16.5, ఐదు ఇచ్చిన నలుగురికి 22.5.

ఇప్పుడు ఏ షిఫ్టు ర్యాంకులు ఆ షిఫ్టుకు కూడదాం. ఉదయంలో ఒక 3, నాలుగు 4లు, మూడు 5లు ఉన్నాయి. 9 + 66 + 67.5 = 142.5. అలాగే మధ్యాహ్నానికి 55, సాయంత్రానికి 102.5 వస్తాయి. మూడూ కలిపితే 300. 1 నుంచి 24 దాకా అంకెల మొత్తం కూడా 24 × 25 / 2 = 300. ఈ రెండూ కలవకపోతే ముందుకు కదలకండి.

ఎక్సెల్‌లో చేసేవాళ్ళకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. `RANK.EQ` టై పడినవాళ్ళందరికీ అందులోని అతి చిన్న స్థానాన్నే ఇస్తుంది. దానితో మన 24 చీటీల మొత్తం 300 బదులు 239 వస్తుంది. వాడాల్సింది ఇది, చివర ఉన్న 1 చిన్నదాని నుంచి మొదలుపెట్టమని చెబుతుంది:

```
=RANK.AVG(A2,$A$2:$A$25,1)
```

హెచ్ విలువ

షిఫ్టుల మధ్య ఏ తేడా లేకపోతే ప్రతి షిఫ్టు సగటు ర్యాంకూ మొత్తం సగటు ర్యాంకైన 12.5 చుట్టుపక్కలే ఉండాలి. మనకు వచ్చినవి ఉదయం 17.81, మధ్యాహ్నం 6.88, సాయంత్రం 12.81. సాయంత్రం దాదాపు నడిమధ్యలో ఉంది, మిగతా రెండూ చెరోవైపు లాగుతున్నాయి. ఈ లాగుడు మొత్తం ఎంతో కొలిచేదే హెచ్. ప్రతి షిఫ్టుకూ 12.5 నుంచి తేడా తీసి, వర్గం చేసి, ఆ షిఫ్టులోని మనుషుల సంఖ్యతో గుణించి కూడతాం:

```
H = 12/(N(N+1)) × Σ n(సగటు ర్యాంకు − (N+1)/2)²
  = 12/600 × 8 × (5.3125² + 5.625² + 0.3125²)
  = 0.02 × 479.69 = 9.594
```

అనోవాలో గ్రూపుల మధ్య వర్గాల మొత్తం ఎలా కట్టామో గుర్తున్నవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. అదే లెక్కను ఇక్కడ ర్యాంకుల మీద చేస్తున్నాం. టైలు లేనప్పుడు 1 నుంచి N దాకా ర్యాంకుల వ్యాప్తి ఎంతో ముందే తెలుసు కాబట్టి, హారం కోసం డేటా నుంచి వేరే అంచనా కట్టే పని ఉండదు.

టైలు ఉంటే ఆ వ్యాప్తి తగ్గుతుంది, అందుకని చిన్న సవరణ కావాలి. ప్రతి మెట్టు మీద ఎంతమంది ఉన్నారో ఆ సంఖ్య t అనుకుంటే t³ − t కట్టాలి. మన మెట్ల మీద 1, 4, 7, 8, 4 మంది ఉన్నారు. 0 + 60 + 336 + 504 + 60 = 960.

```
C = 1 − 960/(24³ − 24) = 1 − 960/13800 = 0.9304
H = 9.594 / 0.9304 = 10.31
```

సవరణ ఎప్పుడూ హెచ్‌ను పెంచుతుందే కానీ తగ్గించదు. కొలత పరికరాల డేటాలో టైలు అరుదు, అక్కడ దీన్ని వదిలేసినా పెద్దగా ఏమీ కాదు. ఐదు మెట్ల రేటింగుల్లో వదిలేయకూడదు.

గ్రూపులు మూడు కాబట్టి హెచ్‌ను రెండు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఉన్న కై-స్క్వేర్‌తో పోలుస్తాం. 5 శాతం హద్దు 5.99, మన 10.31 దాన్ని దాటింది. మూడు గ్రూపులకు మాత్రమే దొరికే సౌకర్యం ఒకటుంది. రెండు డిగ్రీల కై-స్క్వేర్‌కు పి విలువ సూటిగా `EXP(-H/2)`. టేబుల్ వెతకాల్సిన పని లేదు. మనకు 0.0058 వస్తుంది. ఒక్కో గ్రూపులో ఐదుగురి కన్నా తక్కువ ఉంటే ఈ కై-స్క్వేర్ పోలికను నమ్మకూడదు. అప్పుడు హెచ్ ఖచ్చితమైన పంపిణీని లెక్కగట్టే పద్ధతికి వెళ్ళాలి.

ఆర్‌లో సరిచూసుకోండి, టై సవరణ అదే చేస్తుంది:

```
d <- data.frame(
  rating = c(5,4,4,5,3,4,5,4, 3,2,3,4,2,1,3,2, 4,3,3,5,2,4,3,4),
  shift = factor(rep(c("U","M","S"), each = 8)))
kruskal.test(rating ~ shift, data = d)
```

ఈ జవాబు ఏం చెప్పినట్టు?

చాలా రిపోర్టుల్లో దీన్ని 'మధ్యగతాల పరీక్ష' అని రాసేస్తారు. మూడు గ్రూపుల రేటింగుల ఆకారం ఒకేలా ఉండి, ఒకటి కాస్త పైకీ ఒకటి కాస్త కిందికీ జరిగినట్టు ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. రేటింగుల్లో అలా జరగడం తక్కువ. ఈ రెండు గ్రూపులు చూడండి: 1 1 1 3 3 3 3 ఒకటి, 3 3 3 3 5 5 5 ఇంకొకటి. రెండింటి మధ్యగతమూ 3. ఇదే పరీక్ష పెడితే, రెండే గ్రూపులు కాబట్టి ఒక డిగ్రీతో, పి విలువ 0.018 వస్తుంది. పరీక్ష తప్పు చెప్పలేదు. రెండో గ్రూపువాళ్ళు పై రేటింగుల వైపు మొగ్గుతున్నారని పట్టుకుంది. అసలు అది అడిగే ప్రశ్నే ఇది: ఒక గ్రూపులోంచి ఒకరిని, మరో గ్రూపులోంచి ఒకరిని తీస్తే, ఎక్కువ రేటింగు ఇచ్చినవాళ్ళు ఒకవైపు నుంచే పదేపదే వస్తున్నారా?

అందుకని ఫలితంతో పాటు ఆ లెక్కనే రాయమంటాను. ఉదయం ఎనిమిది మందినీ మధ్యాహ్నం ఎనిమిది మందితో జతకడితే 64 జతలు. 56 జతల్లో ఉదయం రేటింగు ఎక్కువ, 7 సమానం, ఒక్క జతలో తక్కువ. సమానమైన వాటిని చెరిసగం పంచితే 59.5/64, అంటే 93 శాతం. ఆస్పత్రి మేనేజరుకు హెచ్ కన్నా ఇది తేలిగ్గా తలకెక్కుతుంది.

తేడా ఏ రెండింటి మధ్య?

10.31 ఈ సంగతి చెప్పదు. జతకో పరీక్ష కొత్తగా పెట్టి, రెండేసి గ్రూపులకు మళ్ళీ ర్యాంకులు వేయడం కనిపిస్తుంటుంది. నేనైతే ఆలివ్ జీన్ డన్ 1964లో ఇచ్చిన పద్ధతే వాడతాను. అది 24 మందికి వేసిన ర్యాంకులనే ఉంచుకుంటుంది కాబట్టి మొదటి పరీక్షతో పొంతన తప్పదు. రెండు సగటు ర్యాంకుల తేడాను ప్రామాణిక దోషంతో భాగించడమే:

```
SE = √[(24×25/12 − 960/(12×23)) × (1/8 + 1/8)] = 3.41
ఉదయం − మధ్యాహ్నం   : 10.94/3.41 = 3.21,  p = 0.0013
సాయంత్రం − మధ్యాహ్నం : 5.94/3.41 = 1.74,  p = 0.082
ఉదయం − సాయంత్రం   : 5.00/3.41 = 1.47,  p = 0.143
```

మూడు పోలికలు చేశాం కాబట్టి హోల్మ్ సవరణ వేయాలి. అన్నిటికన్నా చిన్న పి విలువను 3తో గుణిస్తే 0.004. తర్వాతి దాన్ని 2తో గుణిస్తే 0.163. చివరిది ముందుదాని కన్నా తగ్గకూడదు కాబట్టి దానికీ 0.163. ఉదయానికీ మధ్యాహ్నానికీ తేడా ఉందని చెప్పగలం. సాయంత్రం గురించి ఈ 24 చీటీలతో ఏమీ తేల్చలేం. 'సాయంత్రం మిగతా రెండింటితో సమానం' అని మాత్రం రాయకండి.

ఇదంతా నిలబడాలంటే ప్రతి చీటీ వేరే మనిషిది కావాలి. ఒకే రోగి మూడు షిఫ్టులకూ రేటింగు ఇస్తే ఈ పరీక్ష పనికిరాదు, దానికి ఫ్రీడ్‌మన్ పరీక్ష ఉంది. వచ్చే పాఠం దాని మీదే. అలాగే ఉదయమంతా ఒకే డాక్టరు చూసి ఉంటే, తేడా షిఫ్టుదో డాక్టరుదో ర్యాంకులు విడదీసి చెప్పలేవు.

అభ్యాసం: మధ్యాహ్నం 1 ఇచ్చిన ఒక్క రోగీ 5 ఇచ్చారనుకుని మొత్తం మళ్ళీ చేయండి. ర్యాంకుల మొత్తాలు 136, 69, 95 రావాలి. టై సవరణ లేకుండా హెచ్ 5.705, పి విలువ 0.058. సవరణతో హెచ్ 6.16, పి విలువ 0.046. మీ t³ − t మొత్తం 1020 రాకపోతే, ఐదుల మెట్టు మీద ఇప్పుడు ఎంతమంది ఉన్నారో మళ్ళీ లెక్కపెట్టండి.