అంకెలు సరిగానే ఉన్నా గడులు తప్పు వరుసలో చదువుతున్నారా?

సమస్య: నల్లగొండ పద్ధతిలో ఫ్లోరైడ్ నీటిని ఇంట్లో శుద్ధి చేసుకోవడంపై రెండు ఇన్ఫోగ్రాఫిక్ డ్రాఫ్టులు ఉన్నాయి. మొదటిదానిలో ఆరు గడులు ఒకే నిలువు వరుసలో ఉన్నాయి. రెండోదానిలో ఎడమ వరుసలో నీళ్లు నింపడం, సున్నమూ పటికా వేయడం, వేగంగా కలపడం ఉన్నాయి. కుడి వరుసలో నెమ్మదిగా కలపడం, తేరుకోనివ్వడం, పైనీటిని తీసుకోవడం ఉన్నాయి. గడుల మీద 1 నుంచి 6 వరకు అంకెలున్నా, రెండో డ్రాఫ్టు చదివినవారు నీళ్లు నింపి, నెమ్మదిగా కలిపి, ఆ తరువాత పటిక వేయాలని చెబుతున్నారు.

ముందుగా చూడవలసింది: డ్రాఫ్టును ఎ4 కాగితంపై ముద్రించి, ఈ పద్ధతి తెలియనివారికిచ్చి, వేలు పెట్టి బయటికి చదవమనండి. ఈ ఒక్క పనిని దాటవేసి రంగుల గురించి గంటల తరబడి వాదించేవారే ఎక్కువ. పద్ధతి తెలిసినవారికి గడులు ఎలా పేర్చినా క్రమం సరిగానే తోస్తుంది కనుక వారి తీర్పును ఇక్కడ లెక్కలోకి తీసుకోకూడదు.

అసలు కారణం: స్కేలుతో గడుల మధ్య ఖాళీలను కొలవండి. రెండో డ్రాఫ్టులో పై గడికీ కింది గడికీ మధ్య 9 మిల్లీమీటర్లు, ఎడమ గడికీ కుడి గడికీ మధ్య 4 మిల్లీమీటర్లు ఉన్నాయి. దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒక జతగా తీసుకుంటుంది కాబట్టి, చూపు కిందికి దిగకుండా పక్కకు వెళ్లి, 1 తరువాత 4 చదువుతుంది. విచిత్రమేమిటంటే, ఆ నిలువు ఖాళీ పెరిగింది క్రమం చూపడానికి పెట్టిన బాణాల వల్లనే. గోడ మీది పోస్టరులో సన్నని బాణం దూరానికి కనిపించదు, అది మిగిల్చిన ఖాళీ మాత్రం కనిపిస్తుంది. పైగా లీటర్లు, నిమిషాలు, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పరిమితి అన్నీ ఒకే పరిమాణంలో ముద్రిస్తే, గడి సంఖ్య కూడా వాటిలో ఒకటిగా కలిసిపోతుంది.

పరిష్కారం: బాణాలను తీసివేసి, నిలువు ఖాళీని 4 మిల్లీమీటర్లకు తగ్గించి, రెండు వరుసల మధ్య కనీసం 10 ఉంచండి. గడి సంఖ్యను నిండు రంగు వృత్తంలో పెద్దదిగా వేసి, ఒక్కో గడిలో ఒక్క కొలతనే ఉంచండి. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడునూ క్షారతనూ బట్టి మారుతుంది కనుక గడిలో ఒకే గ్రాముల సంఖ్య రాయకుండా కింద పట్టికగా ఇవ్వాలి. తరువాత కొత్త మనిషితో మళ్లీ చదివించండి.

ఐకాన్ల విషయంలో రెండు మాటలు చాలు. వేగంగా కలపడానికీ నెమ్మదిగా కలపడానికీ ఒకే గరిటె బొమ్మ ఉన్న డ్రాఫ్టు పనికిరాదు. పొయ్యి మీద మరిగే గిన్నె బొమ్మ ఉంటే అందం కోసమైనా ఉంచవద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై దాని గాఢత ఇంకా పెరుగుతుంది.

అక్షరాల ఫాంటు వల్లనో రంగుల వల్లనో క్రమం తప్పడం అరుదు. ఖాళీలు సరిచేసిన తరువాతా తప్పు చదువుతుంటేనే వాటిని చూడండి.