తరాల నవలకు స్టోరీ బైబిల్: వరసలూ వయసులూ తప్పకుండా ఎలా రాసుకోవాలి?

సీరియల్‌గా వచ్చే తరాల నవలలో పేరు తప్పు పడితే పాఠకులు సర్దుకుంటారు, వరస తప్పితే మాత్రం కథే నిలవదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. నవల 1948లో మొదలై 1985లో ముగుస్తుంది, కథ దివిసీమలో. రాజ్యం కూతురు పద్మ, కృష్ణారావు కొడుకు భాస్కర్‌ని పెళ్లాడాలి. 4వ అధ్యాయంలో పద్మ కృష్ణారావుని "మావయ్యా" అంది. 31లో "బాబాయ్" అంది. బాబాయి కొడుకంటే అన్నదమ్ముల వరస, ఇక పెళ్లి మాటెక్కడిది? ఇలాంటివి ముందే పట్టుకోవడానికే స్టోరీ బైబిల్, అంటే నవలలోని మనుషులు, కాలం, ఊళ్ల వివరాలన్నీ ఒకచోట రాసుకునే ఫైలు.

1. ఫైలు తెరవండి

ఒక స్ప్రెడ్‌షీట్‌లో మూడు షీట్లు చాలు: మనుషులు, కాలం, ఊళ్లు. మొదట్లోనే ఇరవై గళ్లు పెట్టుకుంటే నెల తిరక్కుండానే నింపడం మానేస్తారు. మనుషుల షీట్‌లో పేరు, ఇంటిపేరు (ఆడవాళ్లకైతే పుట్టింటిదీ అత్తింటిదీ), పుట్టిన ఏడు, తల్లిదండ్రులు, ఒంటి గుర్తులు, ఆ సంగతి మొదట వచ్చిన అధ్యాయం సంఖ్య రాయండి. ఈ చివరి గడిని వదిలేయకండి. అది లేకపోతే రెండు చోట్ల రెండు రకాలుగా ఉన్నప్పుడు ఏది ముందు రాశారో తెలియదు.

2. పిలుపుల పట్టిక వేయండి

తెలుగు నవలకు దీన్ని మించిన పట్టిక లేదు. ఎడమ నిలువు వరసలో పిలిచేవాళ్లు, పై అడ్డు వరసలో పిలిపించుకునేవాళ్లు. గడిలో పిలుపుతోపాటు "నువ్వు"నో "మీరు"నో కూడా రాయండి. పద్మ నుంచి కృష్ణారావుకి: "మావయ్య, మీరు". కృష్ణారావు నుంచి పద్మకి: "అమ్మాయ్, నువ్వు".

పిలుపు రాసేముందు చుట్టరికం ఏ దారిన వచ్చిందో చూడండి. కృష్ణారావు రాజ్యానికి తమ్ముడైతే పద్మకి మేనమామ, పెళ్లికి అడ్డు లేదు. అతను రాజ్యం చెల్లెలి భర్త అయితే బాబాయే అవుతాడు, పెళ్లి కుదరదు. మేనరికం జరిగాక ఆ మేనమామే మామగారూ అవుతాడు. అప్పుడు పిలుపు మారుతుందో లేదో మీరే తేల్చుకుని, మారితే ఏ అధ్యాయం నుంచో రాయండి.

3. వయసు రాయకండి, పుట్టిన ఏడు రాయండి

వయసు ప్రతి అధ్యాయానికీ మారుతుంది, పుట్టిన ఏడు మారదు. కాలం షీట్‌లో A వరసలో పేర్లు, B వరసలో పుట్టిన ఏడు, పైన C1 నుంచి కథలో వచ్చే సంవత్సరాలు వేసి, C2లో ఇది రాసి మిగతా గళ్లకు లాగండి:

```
=C$1-$B2
```

పద్మ 1958లో పుట్టింది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. పట్టిక 19 అని చూపిస్తుంది. ఆ అధ్యాయంలో "పదహారేళ్ల పద్మ" అని ఉంటే అక్కడే దొరికిపోతుంది. పద్మ డిసెంబరులో పుట్టి ఉంటే మాత్రం ఆ రోజుకి నిండినవి 18 ఏళ్లే. కాబట్టి ముఖ్యమైన పాత్రలకు నెల కూడా వేసుకోండి.

ఊళ్ల షీట్‌లో జిల్లా పేరు పక్కన ఏడాది ఉండాలి. ఒంగోలు 1970 వరకు గుంటూరు జిల్లాలోదే. 1968లో ఎవరైనా "మాది ప్రకాశం జిల్లా" అంటే తప్పు.

4. అధ్యాయం ముగిసిన రోజే నింపండి

రాసిన పేజీలు తిరగేస్తూ కొత్తగా చెప్పిన సంగతులు మాత్రమే ఎక్కించండి. పావుగంట పని. పత్రికలో వచ్చేసిన సంగతి పక్కన "అచ్చయింది" అని రాయండి. అచ్చయినదాన్ని మార్చలేరు, మిగతా కథే దానికి తగ్గట్టు నడవాలి. మన ఉదాహరణలో 4వ అధ్యాయం అచ్చయిపోయింది గనుక దిద్దాల్సింది 31నే.

5. దిద్దేటప్పుడు వెతకడం

తెలుగులో ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. "రాజ్యం" పేరు మార్చాలని ఒకేసారి అన్నిచోట్లా మార్చేస్తే "రాజ్యానికి", "రాజ్యాన్ని" అలాగే మిగిలిపోతాయి. కి, ని లాంటి విభక్తులు చేరితే చివరి సున్న పోతుంది మరి. అందుకే "రాజ్య" అని వెతికి, ఒక్కొక్కటీ చూసి మార్చండి. దేశాలేలే రాజ్యం కూడా ఆ వెతుకులాటలో వస్తుంది, దాన్ని వదిలేయాలి. "మావయ్య", "మామయ్య" రెండూ కలగలిసి ఉంటే రెండింటికీ విడివిడిగా వెతకాలి. మార్పు అయ్యాక స్ప్రెడ్‌షీట్‌లో పాతదాన్ని చెరపకుండా గీత కొట్టి, కొత్తది పక్కన తేదీతో రాయండి. పుస్తకంగా వేసేటప్పుడు పాత ప్రూఫులో పాత పేరు కనిపిస్తే, అది ఎప్పుడు మార్చిందో దిద్దేవాళ్లకు ఆ గీతే చెబుతుంది.