పెటర్నిటీ లీవ్ మెసేజ్ పంపేముందు

డెలివరీ రెండు వారాలు ముందే అయిపోయి, బెంగళూరు హాస్పిటల్ కారిడార్‌లో నిలబడి మేనేజర్‌కి టైప్ చేస్తున్నారా, ఒక్క నిమిషం ఆగండి. ముందు హెచ్‌ఆర్ పాలసీ చూడండి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే 15 రోజుల రూల్ ఉంది గానీ ప్రైవేట్‌లో అలాంటి చట్టం లేదు, కంపెనీ ఎంతిస్తే అంతే.

"కొన్ని రోజులు రాను" అనొద్దు, తిరిగొచ్చే తేదీ రాయండి. పెండింగ్ పని ఒక్కోదానికి ఒక్క మనిషి పేరు రాయండి, అదీ వాళ్లని అడిగాకే. నేను "టీమ్ చూస్కుంటుంది" అని పంపితే క్లయింట్ టికెట్ మూడ్రోజులు ఎవరూ ముట్టుకోలేదు. ఇలా రాస్తే చాలు:

"సర్, పొద్దున పాప పుట్టింది, రేపట్నుంచి 14 వరకు లీవ్ కావాలి, 15న వస్తా. పేమెంట్ బగ్ బ్యాకెండ్ లీడ్‌కి చెప్పాను, ఒప్పుకున్నారు, టెస్టింగ్ సగమైంది, మిగతాది టికెట్‌లో రాశా. అర్జెంటైతే సాయంత్రం 6కి కాల్ ఎత్తగలను."

పాస్‌వర్డ్ మాత్రం పంపొద్దు, పని తీసుకున్నవాళ్లకే యాక్సెస్ ఇప్పించండి.