సిజేరియన్ బాలింత పరిచర్య – 3వ పాఠం: మంచం దిగే మొదటి పూట

ఘనాహారం 6 గంటల ముందే ఆపించడం, కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇవ్వడం వంటి ఏర్పాట్లను గత పాఠంలో చూశాము. అందులో ఒకటి మిగిలింది. పక్కకు ఒత్తిగిలి, మోకాళ్లు మడిచి, మోచేతి ఊతతో లేచే పద్ధతిని గర్భిణి చేత ఆపరేషన్‌కు ముందే రెండు మూడుసార్లు చేయించాలి. కోత పడిన తరువాత కొత్తగా నేర్చుకునే ఓపిక ఆమెకు ఉండదు.

ఉదయం 10 గంటలకు స్పైనల్ మత్తుతో ఆపరేషన్ జరిగిన బాలింతను తీసుకుందాం. తల్లీబిడ్డలు నిలకడగా ఉంటే, బిడ్డను తుడిచి, థియేటర్‌లోనే తల్లి రొమ్ముపై ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి పైన పొడి బట్ట కప్పాలి. బిడ్డ ముక్కు మూసుకుపోకుండా, ఒంటి రంగు మారకుండా ఒక నర్సు కనిపెట్టుకొని ఉండాలి. మత్తు ఇంకా దిగదు కనుక మొదటి గంటలో పాలు పట్టించడం తల్లికి తేలిక.

ఆమెకు 10 గంటలకే 1 గ్రాము పారాసిటమాల్ సెలైన్‌లో ఎక్కించారని, 6 గంటలకొకసారి ఇవ్వమని డాక్టర్ రాశారని అనుకుందాం. (50 కిలోలలోపు బరువుంటే మోతాదు తగ్గుతుంది.) నొప్పి ముదిరి ఆమె అడిగే దాకా ఆగకుండా 4 గంటలకు రెండవ మోతాదు ఇచ్చి, నాలుగున్నరకు నడిపించాలి. పడుకున్నప్పుడు నొప్పి ఎంత అని అడిగితే చాలదు, దగ్గమని చెప్పి అప్పుడెంత అని అడగాలి. కదలికలో నొప్పి తెలిస్తేనే నడవగలదో లేదో తెలుస్తుంది.

“కుట్లు ఊడిపోతాయి, కదలకమ్మా” అని పక్కనున్న పెద్దవాళ్లు ఆపుతారు. లోపలి పొరలకు కూడా కుట్లున్నాయని, కదలకపోతే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందని వారికి నిదానంగా చెప్పాలి.

ముందు మోకాలు మడవకుండా ఒక్కో కాలినీ మంచం మీద నుంచి ఎత్తించి చూడండి. ఎత్తలేకపోతే మత్తు దిగలేదు, దింపకూడదు. గర్భసంచి గట్టిగా ఉందా, ప్యాడ్ ఎంత తడిసింది, బీపీ ఎంత అన్నవి చూశాక లేపి, కాళ్లు మంచం కిందికి వేలాడదీయించి అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. పెదవులు పాలిపోయినా, నుదుట చెమట పట్టినా వెంటనే పడుకోబెట్టి బీపీ, రక్తస్రావం మళ్లీ చూడండి. బాగుంటే కుట్లపై మెత్తని దిండు అదిమి పట్టుకోమని, వెన్ను వంచకుండా కుర్చీ దాకా నాలుగడుగులు నడిపించండి. మొదటిసారికి అంత చాలు.

కుర్చీలో కూర్చున్నాక బిడ్డను ఆమె చంక కిందుగా, కాళ్లు వీపువైపు ఉండేలా అందించండి. బిడ్డ బరువు కుట్లపై పడదు, నోరు రొమ్మును ఎలా పట్టిందో తల్లికి నేరుగా కనిపిస్తుంది. కూర్చున్నప్పుడు తలనొప్పి పెరిగి పడుకుంటే తగ్గినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా, గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసినా డాక్టర్‌కు వెంటనే చెప్పాలి, నడక ఆపాలి. వచ్చే పాఠంలో కుట్ల సంరక్షణ.